పన్నెండు లక్షల ఎఫ్‌డీ నిచ్చెన: ఒకే బ్యాంకులోనా, మూడింట్లోనా?

మా పిన్ని విజయనగరం కోట దగ్గర ఉంటుంది. అరవై ఇంకా నిండలేదు. బాబాయి పోయాక చేతికొచ్చిన 12 లక్షల్ని దసరాకి ముందు, అక్టోబర్ 1న, ఒకే బ్యాంకులో నాలుగేసి లక్షల చొప్పున మూడు ఎఫ్‌డీలు చేసింది. ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకి, మరొకటి మూడేళ్లకి. మొత్తం ఒకే రసీదు మీద అయిదేళ్లు వేసేస్తే మధ్యలో అవసరం పడినప్పుడు అంతా విరగ్గొట్టాలి, జరిమానా పోను వడ్డీ తీసుకోవాలి. కాబట్టి ఇలా గడువులు మెట్లుగా పెట్టి నిచ్చెన వెయ్యడం మంచి పనే. ఏడాది తిరిగాక మొదటి మెట్టు గడువు తీరింది. అప్పుడు నాకు ఫోను.

"ఏటిరా బాబూ, రసీదులో ఒకటుంది, ఖాతాలో పడింది ఇంకొకటి?"

రసీదులో 4,28,744 ఉంది. ఖాతాలో 1,460 దాకా తక్కువ పడింది. బ్యాంకు తప్పేమీ లేదు, అది వడ్డీ మీద ముందే పట్టే పన్ను, టీడీఎస్. వింత ఏంటంటే, మార్చి దాకా పైసా కొయ్యలేదు. ఆ ఆరునెలల వడ్డీ మూడింటికీ కలిపి 42,368. 2025 ఏప్రిల్ నుంచి అరవై లోపు వాళ్లకి ఒక బ్యాంకులో ఏడాదికి 50,000 దాటితేనే కోత. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక మాత్రం పూర్తి ఏడాది వడ్డీ అంచనా 50 వేలు దాటిపోయింది. దాటితే పైబడిన ముక్క మీద కాదు, మొత్తం వడ్డీ మీద 10 శాతం. పాన్ ఇవ్వకపోతే 20.

అందుకే ఎఫ్‌డీల లెక్క గడువు తేదీలతో వేసుకుంటే సరిపోదు, మార్చి 31కి కోసి చూసుకోవాలి. వడ్డీ చేతికి రాకపోయినా ఏటా లెక్కకట్టి టీడీఎస్ పట్టేస్తారు. నేను పిన్నికి షీట్ వేశాను: A బ్యాంకు, B అసలు, C వడ్డీ రేటు, D ఏళ్లు, G ఆ ఆర్థిక సంవత్సరంలో పోగయ్యే వడ్డీ. మెచ్యూరిటీ మొత్తానికి మొదటిది, టీడీఎస్‌కి రెండోది:

```
=B2*(1+C2/4)^(4*D2)
=IF(SUMIF(A:A,A2,G:G)>50000,G2*10%,0)
```

రెండోదాంట్లో కీలకం SUMIF. బ్యాంకు పేరు ఒకటైతే కలిపేస్తుంది. మా పక్కింటాయన కోట జంక్షన్ శాఖలో సగం, కంటోన్మెంట్ శాఖలో సగం వేస్తే తప్పించుకోవచ్చనుకున్నాడు. కుదరదు. శాఖలన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి.

మూడు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలు పెట్టి ఉంటే? 7 శాతం చొప్పున ఒక్కో బ్యాంకులో ఏడాదికి 28,744. ఎక్కడా కోత లేదు. అలాగని పన్ను మిగిలినట్టు కాదు. వడ్డీ అంతా ఆదాయంలో చూపించాల్సిందే. టీడీఎస్ అంటే ముందుగా పట్టి ఉంచిన పన్ను, అంతే.

పైగా పిన్నికి పన్నే పడదు. కుటుంబ పెన్షన్ నెలకి 20 వేలు, వడ్డీ 90 వేల లోపు, కలిపినా కొత్త విధానంలోని 4 లక్షల పరిమితి దాటదు. ఏప్రిల్‌లో అందరూ 15జి అని పిలిచే ఆ స్వయం ప్రకటన కాగితం ఇచ్చి ఉంటే ఒకే బ్యాంకులోనూ కోత ఉండేది కాదు. ఇప్పుడు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. కాబట్టి టీడీఎస్ కోసమే మూడు బ్యాంకుల చుట్టూ తిరగడం నా దృష్టిలో వృథా. ఏటా ఒక కాగితం, మర్చిపోకుండా ఇస్తే చాలు.

అయినా నేను మూడు బ్యాంకులకే ఓటేశాను, వేరే లెక్క మీద. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకుకి ఒక్కో మనిషికి 5 లక్షలే, అసలూ వడ్డీ కలిపి. ఒకే బ్యాంకులో 12 లక్షలుంటే 7 లక్షలు బీమా బయటే. నాలుగేసి లక్షలైతే మూడేళ్ల మెట్టు కూడా 4,92,576 దగ్గర ఆగుతుంది, పరిమితి లోపే. పెద్ద ప్రభుత్వ బ్యాంకు అయితే ఈ భయం ఎవరికీ లేదంటారు. ఆ నమ్మకం ఉన్నవాళ్లు ఒక్క బ్యాంకుతో ఉండటమే సుఖం. మూడు చోట్ల కేవైసీ, మూడు చోట్ల నామినీ, మూడు పాస్‌బుక్కులు తప్పుతాయి. సహకార బ్యాంకో, చిన్న ఫైనాన్స్ బ్యాంకో ఎక్కువ రేటు ఇస్తోందంటే మాత్రం 5 లక్షల గీత దాటకూడదు.

ఆ గీత రెండో విడతలో ఎక్కువమంది దాటేస్తారు. గడువు తీరి చేతికొచ్చిన 4.27 లక్షల్ని అలాగే మూడేళ్లకి తిరగేస్తే 5.26 లక్షలవుతుంది. అందుకని ఈసారి 4 లక్షలే రెండో బ్యాంకులో వెయ్యమన్నాను. మిగతా 27 వేల చిల్లరతో పిన్ని వంటింటి గచ్చు వేయించింది.