ఒకే జంటకు ఒక సైట్లో 11, ఇంకో సైట్లో 20: ఆన్‌లైన్ గుణమేళనం వాడాక నా అభిప్రాయం

మా అమ్మాయి సంబంధాల కోసం చాలాకాలంగా మూడు మ్యాట్రిమోనీ సైట్లు వాడుతున్నాను. ఫోటోలు, ఉద్యోగం, కులగోత్రాల వివరాల వరకు వాటితో నాకు పేచీ లేదు. జాతక చక్రం కూడా మామూలుగా సరిగ్గానే వేస్తాయి. నా గొడవంతా ప్రొఫైల్ పక్కన కనిపించే ‘36కి ఇన్ని’ అనే గుణమేళనం అంకెతోనే. మా సిద్ధాంతి గారు చెప్పేదానికీ ఆ అంకెకూ చాలాసార్లు పొత్తు కుదరదు. మొదట్లో ఎవరో ఒకరు తప్పు లెక్క వేస్తున్నారనుకున్నాను. చూడగా చూడగా, లెక్క ఇద్దరిదీ సరైనదే, లెక్కలోకి తీసుకునేవే వేరని తేలింది.

ఆ 36 పాయింట్లకు ఆధారం ఇద్దరి చంద్రుడు మాత్రమే. పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో, ఏ రాశిలో ఉన్నాడన్న దాన్నిబట్టి ఎనిమిది కూటాలకు మార్కులు పడతాయి. వర్ణానికి 1, వశ్యానికి 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, రాశికూటానికి 7, నాడికి 8. లగ్నం, సప్తమ స్థానం, దశలు, ఇవేవీ ఇందులోకి రావు. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి, ఆ రోజు పుట్టిన అబ్బాయిలందరికీ మా అమ్మాయితో ఇంచుమించు అదే స్కోరు వస్తుంది. చివరి రెండు కూటాలకే 15 పాయింట్లున్నాయి. అక్కడ సున్నాలు పడితే మిగతావన్నీ నిండుగా వచ్చినా 21 దాటదు.

తేడా ఎలా వస్తుందో మాకు ఎదురైన ఒక సంబంధంతోనే చెబుతాను. మా అమ్మాయిది రోహిణి రెండో పాదం, వృషభ రాశి. అబ్బాయిది కృత్తిక. ఒక సైటు అతని చంద్రుణ్ణి మేషంలో 29 డిగ్రీల 45 నిమిషాల దగ్గర చూపించింది, అంటే కృత్తిక ఒకటో పాదం. వర్ణం 1, వశ్యం 2, తార 3, యోని 2 వచ్చాయి. మేషాధిపతి కుజుడికీ వృషభాధిపతి శుక్రుడికీ సమత్వమే కాబట్టి గ్రహమైత్రి 3. అబ్బాయిది రాక్షస గణం, అమ్మాయిది మనుష్య గణం, అక్కడ సున్నా. మేషం, వృషభం పక్కపక్క రాశులు, ద్విర్ద్వాదశం, కాబట్టి రాశికూటం సున్నా. ఇద్దరిదీ అంత్య నాడి, మళ్ళీ సున్నా. మొత్తం 11. ఎర్ర రంగులో ‘సిఫార్సు చేయడం లేదు’ అని వచ్చింది.

ఇంకో సైట్లో అదే తేదీ, అదే టైము, అదే ఊరు ఇస్తే అబ్బాయి చంద్రుడు వృషభంలోకి వచ్చేశాడు. కృత్తికే, కానీ రెండో పాదం. ఇద్దరిదీ ఒకే రాశి అయ్యేసరికి గ్రహమైత్రి 5, రాశికూటం 7. మొత్తం 20, అంటే మామూలుగా కనీసం ఉండాలనే 18 గీత పైన. కారణం సెట్టింగ్స్‌లో దొరికింది. రాశిచక్రం ఎక్కణ్ణించి మొదలవుతుందో తేల్చే దిద్దుబాటును అయనాంశ అంటారు. మొదటిది లాహిరి అయనాంశ వాడుతోంది, రెండోది రామన్ అయనాంశ. లాహిరి లెక్కలో అయనాంశ సున్నాగా ఉన్న సంవత్సరం క్రీ.శ. 285, బి.వి. రామన్ గారి లెక్కలో 397. ఆ తేడా వల్ల గ్రహాల స్థానాలన్నీ సుమారు ఒకటిన్నర డిగ్రీ జరుగుతాయి. కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ పంచాంగం లాహిరినే పాటిస్తుంది. ఎక్కువ సైట్లు కూడా అదే వాడతాయి గానీ, ఆ సంగతి స్కోరు పక్కన రాయవు.

ఒకటిన్నర డిగ్రీయే కదా అనిపిస్తుంది. ఒక నక్షత్రం నిడివి 13 డిగ్రీల 20 నిమిషాలు. అంటే అయనాంశ మారితే తొమ్మిది మందిలో ఒకరికి నక్షత్రమే మారిపోతుంది. పొంతనకు ఇద్దరు కావాలి కాబట్టి, ఐదు జంటల్లో ఒకదానికి ఏదో ఒక వైపు నక్షత్రం మారే అవకాశం ఉంది.

ఇక సిద్ధాంతి గారు. ఆయన కూడా లాహిరి లెక్కే వాడతారు, ఆయనకూ 11 రావాలి. ఆయన పాయింట్లు లెక్కపెట్టనే లేదు. 29 డిగ్రీల 45 నిమిషాలు చూసి, “ఏమండీ, ఈ టైము ఎవరు చెప్పారు? ఆస్పత్రి కాగితం మీద ఉందా, ఇంట్లో వాళ్ళ గుర్తా?” అన్నారు. చంద్రుడు గంటకు అర డిగ్రీ చొప్పున నడుస్తాడు. మిగిలిన పావు డిగ్రీ దాటడానికి అరగంట చాలు. అబ్బాయి వాళ్ళకు ఫోన్ చేస్తే, “పొద్దున్న ఏడు, ఏడున్నర మధ్య, మా అత్తగారు చెప్పిందే” అన్నారు. ప్రొఫైల్లో మాత్రం 7:00 అని ఉంది. సైటు దృష్టిలో 7:00 అంటే సరిగ్గా ఏడు గంటల సున్నా సెకన్లు. అది ఎదురు ప్రశ్న వేయదు.

పుట్టింది నిజంగా ఏడున్నర దాటాకైతే అబ్బాయి వృషభ రాశివాడే అవుతాడు. అప్పుడు ఇంకో మెలిక ఉంది. ఇద్దరిదీ ఒకే రాశి అయి నక్షత్రాలు వేరైతే నాడీ దోషం పట్టించుకోనక్కర లేదన్నది పండితులు మామూలుగా చెప్పే పరిహారం. ఆ ఎనిమిదీ కలిపితే 28. అదే మనిషికి 11, 20, 28! రెండో సైటు ఈ పరిహారాన్ని కింద చిన్న అక్షరాల్లో రాసింది, మొత్తంలో మాత్రం కలపలేదు. మేషానికీ వృశ్చికానికీ మధ్య షష్టాష్టకం ఉన్నా, రెండింటికీ అధిపతి కుజుడే కాబట్టి దోషం లేదంటారు చూడండి, అలాంటివాటికీ ఇదే గతి. నిజానికి ఏ పరిహారం ఎక్కడ చెల్లుతుందో పండితులకే ఏకాభిప్రాయం లేదు. ప్రోగ్రాం రాసేవాళ్ళు ఎవరి మాట వింటారు, అందుకే అది వదిలేశారనుకుంటాను.

రెండు రాశుల సంధిలో ఉన్న చంద్రుడితో కూటాలు చూడడం దండగని చెప్పి, సిద్ధాంతి గారు లగ్నాలు తీశారు. అరగంట తేడాలో లగ్నం ఏడు డిగ్రీల దాకా జరుగుతుంది గానీ, ఈ అబ్బాయికి రెండు టైములకూ లగ్న రాశి మారలేదు. సప్తమం, కుజుడు, నడుస్తున్న దశలు చూసి “చేసుకోవచ్చు” అన్నారు. ఆ సంబంధం ఆగింది జాతకం వల్ల కాదు, ఉద్యోగాల ఊళ్ళు కుదరక.

దీనికి తిరగబడ్డ కేసూ ఉంది. ఒక సంబంధానికి సైటు 31 ఇచ్చింది. సిద్ధాంతి గారు మాత్రం ఇద్దరికీ మహాదశలు కొద్ది నెలల తేడాలో మారుతున్నాయని, దశాసంధి అని వెనక్కి లాగారు. ఇంకొకరిని అడిగితే అదేం పెద్ద విషయం కాదన్నారు! మనిషి తీర్పు ఎప్పుడూ నిఖార్సైనదని నేను చెప్పను. కానీ ఎందుకు వద్దంటున్నారో చెబుతారు, మనం వాదించవచ్చు. అంకెతో వాదించలేం.

సైట్ల మీద నా అసలు ఫిర్యాదు స్కోరు కాదు, ఫిల్టర్. ‘18 పైన ఉన్నవే చూపించు’ అని పెడితే, ఆ 11 పాయింట్ల అబ్బాయి ప్రొఫైల్ మా కంటపడేదే కాదు. అవతలి వాళ్ళు అలా పెట్టుకుంటే మా అమ్మాయి కూడా వాళ్ళకు కనపడదు, మనకు ఆ సంగతి తెలియదు. నేను ఆ ఫిల్టర్ తీసేశాను. ఇప్పుడు నచ్చిన ప్రొఫైల్ తెరిచి, చంద్రుడు ఏ రాశిలో ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాల దగ్గర ఉన్నాడో చూస్తున్నాను. అది రాశి లేదా నక్షత్రం అంచుకు ఒకటిన్నర డిగ్రీ లోపు ఉంటే, స్కోరు పక్కన పెట్టి ముందు పుట్టిన టైము ఎక్కణ్ణించి వచ్చిందో అడుగుతున్నాను. అంచుకు దూరంగా ఉంటే నాడి, రాశికూటం ఏవి పోయాయో మాత్రం చూసి జాతకాన్ని పంపిస్తున్నాను. జాతక చక్రం వేయడానికి సైట్లకు 5కి 4 ఇస్తాను. గుణమేళనానికి 2.