మూత పెట్టి కాచే కారమెల్: ఆరేళ్లు వాడాక నా సమీక్ష

పంచదారలో నీళ్లు పోసి, మరుగు రాగానే మూడు నిమిషాలు మూత పెట్టి, ఆ తర్వాత గరిటె ముట్టకుండా రంగు వచ్చేదాకా కాచడం. ఆరేళ్లుగా నేను కారమెల్ చేస్తున్నది ఈ పద్ధతిలోనే. దీనికి ముందు రెండేళ్లు ఉత్త పంచదారనే గిన్నెలో వేసి కరిగించేదాన్ని. అది త్వరగా అవుతుంది, కానీ ఒకవైపు మాడుతుంటే ఇంకోవైపు కరగని పంచదార మిగిలిపోయేది. అద్దంలా, తేనె రంగులో మెరిసే పాకం కావాలంటే మాత్రం నా ఓటు నీళ్ల పద్ధతికే.

నా కొలత 200 గ్రాముల పంచదారకు 60 మిల్లీలీటర్ల నీళ్లు, అర టీస్పూను నిమ్మరసం. గిన్నె అడుగు మందంగా, లోపల స్టీలు రంగులో ఉండాలి. నల్లటి నాన్‌స్టిక్ గిన్నెలో రంగు మారడం కనపడదు, కనపడేసరికి ఆలస్యమైపోతుంది. ముందు నీళ్లు, వాటి మధ్యలో కుప్పగా పంచదార పోస్తాను. ఇలా చేస్తే గిన్నె గోడలకు పలుకులు అంటుకోవు. సన్నటి మంట మీద, మరుగు రాకముందే పంచదార పూర్తిగా కరగాలి. ఇంత తక్కువ నీళ్లలో ఇంత పంచదార చల్లగా ఉండగా కరగదు, నీళ్లు బాగా వేడెక్కాలి. అందుకే అక్కడ తొందరపడకూడదు. కలపడమంటూ ఉంటే ఈ దశలోనే, ఎంత కలిపినా పర్వాలేదు.

మరుగు మొదలైతే లెక్క మారిపోతుంది. నీరు ఆవిరయ్యే కొద్దీ, ఉన్న నీటిలో మామూలుగా ఇమడాల్సిన దానికంటే ఎక్కువ పంచదార ఇమిడి ఉంటుంది. ఏ మాత్రం సందు దొరికినా అది మళ్లీ పలుకుగా మారాలని చూస్తుంది. ఆ సందు చాలాసార్లు గిన్నె గోడ మీద ఎండిపోయిన ఒక్క చుక్కే. అది కిందికి జారి పాకంలో పడితే దాని చుట్టూ మిగతాదంతా గడ్డకడుతుంది. మూత పెట్టేది ఇందుకే: లోపలి ఆవిరి మూతకు తగిలి నీళ్లయి గోడల వెంట దిగుతూ ఆ చుక్కలను కడిగేస్తుంది. తడి బ్రష్షుతో గోడలు తుడిచే పద్ధతి కూడా చాలాకాలం వాడాను. పనిచేస్తుంది కానీ ప్రతిసారీ కొంచెం నీరు చేరి ఆలస్యమవుతుంది, బ్రష్షు వెంట్రుకలూ ఊడిపడతాయి. మూతే మేలు.

నిమ్మరసం చేసే పని వేరు. పులుపు, వేడి కలిసి పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడతాయి. వేరే రకం చక్కెరలు మధ్యలో ఉంటే పంచదార వరసగా పేర్చుకుని పలుకు కట్టలేదు. గ్లూకోజ్ సిరప్ దొరికితే ఒక పెద్ద చెంచా వేసినా ఇదే ఫలితం. నిమ్మరసం మోతాదు పెంచితే మాత్రం నష్టమే: ఒకసారి రెండు టీస్పూన్లు వేస్తే చల్లారాక కూడా జిగటగానే ఉంది, పులుపూ తెలిసింది.

మూత తీశాక చెవి కూడా పనిచేయాలి. నీళ్లున్నంతసేపు చిన్న బుడగలు గలగలమంటూ వేగంగా వస్తాయి. నీళ్లు అయిపోతుంటే బుడగలు పెద్దవై, నిదానించి, చప్పుడు తగ్గుతుంది. ఆ నిశ్శబ్దం వచ్చిందంటే రంగు ఇంకెంతో దూరంలో లేదు, స్టవ్ దగ్గరి నుంచి కదలకూడదు. సుమారు 160 డిగ్రీల దగ్గర లేత పసుపు, 170 దాటేసరికి నాకు కావలసిన తేనె రంగు. థర్మామీటర్ కొన్నాను గానీ ఇంత తక్కువ పాకంలో దాని మొన గిన్నె అడుగుకు తగిలి తప్పు చూపిస్తుంది. ఒక్క చుక్క తెల్లటి ప్లేటు మీద వేసి చూడడమే నమ్మకం. గిన్నెలో పాకం లోతుగా ఉంటుంది కాబట్టి అసలు కంటే ముదురుగా కనపడుతుంది, ప్లేటు మీద నిజం తెలుస్తుంది. రంగు ఒకచోటే మొదలైతే గరిటె పెట్టకుండా పిడి పట్టుకుని గిన్నెను మెల్లగా గుండ్రంగా తిప్పితే చాలు. కావలసిన రంగుకు ఒక మెట్టు ముందే దించి, గిన్నె అడుగును చన్నీళ్ల పళ్లెంలో కొన్ని సెకన్లు ఆనిస్తాను. లేకపోతే గిన్నెలోని వేడికే ముదిరిపోతుంది.

ఈ ఆరేళ్లలో పాకం పాడవలేదని చెప్పను. ఈ మధ్యనే ఒకసారి, అంతకుముందు రుచి చూసి పక్కన పెట్టిన చెంచానే మళ్లీ మరిగే పాకంలో ముంచాను. దాని మీద ఎండిన పంచదార పొర ఉంది. చెంచా పెట్టినచోట మొదట చిన్న తెల్లటి మసక కనపడింది. బుడగలు మెరుపు పోయి నురగలా మారాయి. నిమిషం తిరక్కముందే గిన్నె నిండా తడి ఇసుక, తర్వాత పొడి గడ్డ.

రంగు ఇంకా రాలేదు కాబట్టి అందులో పాడైంది ఏమీ లేదు, అది పంచదారే. వెంటనే మంట ఆపి రెండు నిమిషాలు ఆగాను. తర్వాత 120 మిల్లీలీటర్ల వేడినీళ్లు, అంటే మొదట పోసినదానికి రెట్టింపు, ముఖం దూరంగా పెట్టి గిన్నె అంచు వెంట కొంచెం కొంచెంగా పోశాను. గడ్డ నీళ్లు మరిగే వేడిని మించి ఉంటుంది, ఒక్కసారి పోస్తే ఆవిరి చేతుల మీదికి ఎగజిమ్ముతుంది. సన్నటి మంట మీద మూత పెట్టి, మధ్యలో శుభ్రమైన గరిటెతో గడ్డలు విడగొట్టాను. కరిగిందనిపించాక ఒక చుక్క ప్లేటు మీద చల్లార్చి వేళ్ల మధ్య రుద్దితే ఇంకా గరగరలాడింది. మరో మూడు నిమిషాలు ఉంచాను. ఈసారి నున్నగా జారింది. ఈ పరీక్ష వదిలేస్తే కరగని పలుకు ఒక్కటి మిగిలినా కథ మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు గరిటె తీసేసి, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, మూత పెట్టి మూడు నిమిషాలు మరిగించి, మూత తీసి మామూలుగా కాచాను. ఎక్కువ పోసిన నీళ్లు ఆవిరవడానికి పట్టిన సమయం తప్ప నష్టమేమీ లేదు. పాకం ఎప్పటిలాగే తేటగా వచ్చింది.

రంగు వచ్చాక పలుకు కడితే కూడా ఇలాగే నీళ్లతో కరిగించవచ్చు, కాకపోతే ఉన్న రంగు పోదు, రెండోసారి ముదరడం ఇంకా త్వరగా జరుగుతుంది. నీళ్లు పోయకుండా సన్నటి మంట మీద కలుపుతూ పలుకులనే కరిగించేవాళ్లూ ఉన్నారు. నేనూ చేశాను. చివరి పలుకులు కరిగేలోపు మిగతాది ముదురు గోధుమ రంగుకు వెళ్లిపోయింది. వడకట్టి సాస్‌కు వాడుకున్నాను, తేట పాకంగా పనికిరాలేదు. పొగ, చేదు వచ్చిందాన్ని మాత్రం ఏం చేసినా కాపాడలేం.

ఇంకొకటి, చల్లటి క్రీమ్ పోయగానే కారమెల్ గట్టి ముద్దలా బిగుసుకుంటే అది పలుకు కట్టడం కాదు, చల్లబడి గట్టిపడడం మాత్రమే. నీళ్లు అక్కర్లేదు. సన్నటి మంట మీద నిదానంగా కలిపితే అదే కరుగుతుంది. ఇప్పుడు నేను క్రీమ్‌ను ముందే వేడిచేసి పోస్తున్నాను, ఆ బెడద లేదు.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిది సమయమే. 200 గ్రాములకు నా స్టవ్ మీద పావుగంట దాకా పడుతుంది, అందులో చివరి మూడు నిమిషాలు ఫోన్ మోగినా తీయడానికి లేదు. గిన్నె కడగడం సులువు: నిండా నీళ్లు పోసి ఒక మరుగు రానిస్తే అంటినదంతా దానంతటదే వదిలిపోతుంది.