ఫ్లాష్ సేల్ రిపోర్టును ఉన్నదున్నట్టు నమ్మొద్దు: మా స్టోర్ సాఫ్ట్‌వేర్ రివ్యూ

మా మంగళగిరి చీరల ఆన్‌లైన్ షాపు చాలాకాలంగా ఒకే స్టోర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. మామూలు రోజుల్లో బిల్లింగ్, కొరియర్ లేబుళ్లు అన్నీ చక్కగా వస్తాయి. ఇబ్బందంతా ఫ్లాష్ సేల్‌తోనే, అంతకంటే ఎక్కువగా ఆ తర్వాత వచ్చే రిపోర్టులతో.

మొన్న నెలాఖరు రాత్రి ఒక చీర 1,200 రూపాయలకు పెట్టాం. స్టాకు 50 ఉంటే ఆర్డర్లు 68 పడ్డాయి. ఈ సాఫ్ట్‌వేర్ స్టాకు ఉందో లేదో కార్ట్‌లో వేసినప్పుడు చూస్తుంది, తగ్గించేది మాత్రం డబ్బు అందాకే, కాబట్టి ఒకరు యూపీఐ పిన్ కొట్టి బ్యాంకు నుంచి జవాబు వచ్చేలోపు అదే చివరి చీర ఇంకొందరికి కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. 18 మందికి క్షమాపణ చెప్పి, ఆర్డర్లు క్యాన్సిల్ చేసి, తర్వాతి నెల 2న రీఫండ్ ఇచ్చాం.

ఇప్పుడు రిపోర్టు చూడండి. సేల్ జరిగిన నెలలో 81,600 రూపాయల అమ్మకం, తర్వాతి నెలలో మైనస్ 21,600. నిజంగా అమ్మింది 60,000 మాత్రమే, కానీ ఆ అంకె ఏ నెలలోనూ కనిపించదు. ఎందుకంటే ఇది అమ్మకాన్ని ఆర్డర్ తేదీన, రీఫండ్‌ని రీఫండ్ తేదీన రాస్తుంది. లెక్కల పద్ధతిగా అందులో తప్పు లేదు, కానీ సేల్ ఎలా జరిగిందో తెలుసుకోవడానికి అది పనికిరాదు.

నాకు అసలు కోపం తెప్పించేది రిటర్న్స్ కాలమ్. కస్టమర్ నచ్చక వెనక్కి పంపినదీ, మేం స్టాకు లేక క్యాన్సిల్ చేసినదీ రెండూ అందులోనే పడతాయి. దాంతో ఆ చీర రిటర్న్ రేటు 26 శాతం అని చూపించింది. నిజానికి ఒక్క చీర కూడా వెనక్కి రాలేదు! ఆ అంకె చూసి మా కొనుగోళ్లు చూసే అమ్మాయి ఆ డిజైన్ మళ్లీ తెప్పించొద్దని రాసేసింది. జనం అంతగా ఎగబడిన చీర అది.

స్టాకు సంగతి కూడా జాగ్రత్త. మాది మైనస్‌లోకి వెళ్తుంది, అంటే ఆ రోజు మైనస్ 18 చూపించింది. క్యాన్సిల్ చేసేటప్పుడు "స్టాకులో తిరిగి కలుపు" టిక్ పెడితే సున్నాకి వస్తుంది, పెట్టకపోతే తర్వాత 30 కొత్తవి వచ్చినా 12 అనే చూపిస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు సున్నా దగ్గరే ఆగిపోతాయి. వాటిలో అదే టిక్ పెట్టారంటే లేని చీరలు 18 పుట్టుకొచ్చి మళ్లీ ఓవర్‌సెల్ అవుతుంది.

క్యాన్సిల్ కారణం రాసే గడి ఉండటం ఇందులో నిజంగా మంచి విషయం. మేం ప్రతిసారీ "స్టాకు లేదు" అని ఎంచుకుని, ఆర్డర్ల ఫైల్‌ని ఎక్సెల్‌లోకి దింపి, రీఫండ్‌ని ఆర్డర్ తేదీకే కట్టి చూస్తున్నాం. ఆ 18ని రిటర్న్స్‌లోంచి తీసి, తీరని డిమాండ్‌గా వేరే వరుసలో రాస్తాం.

నెలకో సేల్ పెట్టే చిన్న షాపుకి ఇది సరిపోతుంది. ప్రతి వారం సేల్ పెట్టేవాళ్లయితే పేమెంట్ మొదలుపెట్టగానే స్టాకుని కొన్ని నిమిషాలు పక్కకి పట్టి ఉంచే సాఫ్ట్‌వేర్ చూసుకోండి.