మాట చెప్పకుండా నోట్సు ఫొటో పెడితే: చాలాకాలం వాడాక నా అనుభవం

ఈ ఏఐ యాప్‌లో నాకు బాగా నచ్చిందీ, నాకు కోపం తెప్పించిందీ ఒకటే. చేత్తో రాసిన నోట్సు ఫొటో పెట్టి, కింద ఒక్క ముక్క కూడా టైప్ చేయకుండా పంపితే అది ఏం చేయాలని అనుకుంటుందో, అదే. ఉన్నదంతా టైపు చేసి ఇస్తుందా, సారాంశం రాస్తుందా, లేక రివిజన్ ప్రశ్నలు తయారు చేస్తుందా అన్నది దాని నిర్ణయం. మిగతా ఫీచర్ల గురించి అందరూ రాసేశారు కాబట్టి నేను దీని గురించే రాస్తాను.

మాది ధర్మాబాద్. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. ఇక్కడ చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సాయంత్రం నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మరాఠీ మీడియం వాళ్ళే. బడిలో సార్ బోర్డు మీద రాసింది ఎక్కించుకుని, అర్థం కాని మాటల మీద చిన్న అక్షరాలతో తెలుగులో అర్థం రాసుకుంటారు. అంకెలు మరాఠీవి, ఫార్ములాలు ఇంగ్లిష్‌వి, మధ్యలో తెలుగు. ఒకే పేజీలో మూడు లిపులు. ఆ పేజీల ఫొటోలు పిల్లలు నా ఫోన్‌కి పంపుతారు. ఒక బ్యాచ్ వెళ్ళి ఇంకో బ్యాచ్ వచ్చేలోపు వాటిని చూడాలి. అందుకే ఏమీ రాయకుండా ఫొటో మాత్రమే పెట్టడం నాకు అలవాటైంది.

మొదట్లో అది చేసిన పని చూసి నిజంగా సంతోషపడ్డాను. పేజీ మొత్తాన్ని లైన్ తర్వాత లైన్ టైపు చేసి ఇచ్చింది. మాటల పైన పిల్లలు రాసుకున్న తెలుగు అర్థాలను వాక్యంలో కలిపేయకుండా, ఆయా మాటల పక్కనే బ్రాకెట్లలో పెట్టింది. చదవలేకపోయిన చోట ఊహించి నింపకుండా, అస్పష్టంగా ఉందని గుర్తు పెట్టింది. కొట్టివేసిన మాటను కొట్టివేసినట్టే చూపించింది. సారాంశం కావాలన్నా, ప్రశ్నలు కావాలన్నా చెప్పమని అడుగున ఒక్క వాక్యం ఉంది, అంతే. నా దృష్టిలో సరైన వరస ఇదే. టైపు చేసిన దాన్ని ఫొటో పక్కన పెట్టుకుని సరిచూడొచ్చు. తప్పు చదివి ఉంటే ఏ లైన్‌లో చదివిందో కనిపిస్తుంది. సారాంశంలో ఆ వీలు ఉండదు, ఎందుకంటే అందులో నోట్సు లైన్లే ఉండవు. ప్రశ్నల్లో అయితే ఇంకా కష్టం. తప్పు చదివిన మాట మీద ఒక ప్రశ్న, దానికి ఒక జవాబు కూడా తయారై కూర్చుంటాయి.

అప్పుడే అందరికీ చెప్పాను, నోట్సు ఫొటోలకు ఇంతకంటే మంచిది లేదని. ఆ మాట ఇప్పుడు కూడా వెనక్కి తీసుకోను. కానీ చెప్పాల్సింది ఇంకా ఉంది.

మా ప్రాంతం ఒకప్పుడు నిజాం హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. అందుకే మరాఠ్వాడా విముక్తి పాఠం ఇక్కడి పిల్లలకు వాళ్ళ ఊరి చరిత్రే. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఆ పాఠం నోట్సు పంపాడు. నేను ఎప్పటిలాగే ఫొటో మాత్రమే పెట్టాను. ఈసారి టైపు చేసిన పేజీ రాలేదు, ఐదారు పాయింట్ల సారాంశం వచ్చింది. భారత సైన్యం 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ రాష్ట్రంలోకి ప్రవేశించింది, సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు, అని తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ పోరాటాన్ని నడిపిన స్వామి రామానంద తీర్థ పేరు కూడా ఉంది. చదివితే ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

తర్వాత యూనిట్ టెస్ట్ పేపర్ చేతికొచ్చింది. నిజాం లొంగిపోయిన తేదీ దగ్గర పిల్లవాడు సెప్టెంబర్ 13 అని రాశాడు. వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి, "అక్కా, నోట్సులో ఉన్నదే రాశానంటున్నాడు, మరి మార్కు ఎందుకు పోయింది?" అంది. నోట్సు తెప్పించి చూశాను. పిల్లవాడు చెప్పింది నిజమే. సార్ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రెండు లైన్లు రాసినట్టున్నారు, 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగాడు అని. వాడు మొదటి లైన్‌లో తేదీ రాసుకుని, తల దించి ఎత్తేలోపు చూపు రెండో లైన్ మీద పడి, అక్కడి సంగతి రాసేశాడు. 13న నిజాం లొంగిపోయాడు అని ఒకే లైన్ మిగిలింది. బోర్డు మీది రాత ఎక్కించేటప్పుడు ఇలా లైన్ ఎగిరిపోవడం పిల్లల్లో మామూలే.

యాప్‌కి చూపించింది ఆ పేజీనే. కానీ సారాంశంలో 13 ఎక్కడ ఉండాలో అక్కడ, 17 ఎక్కడ ఉండాలో అక్కడ వచ్చాయి. అంటే పేజీలో ఉన్నది కాకుండా, దానికి ముందే తెలిసిన చరిత్ర వచ్చి కూర్చుంది. చరిత్ర సరైనదే. నాకు కావలసింది మాత్రం పిల్లవాడి నోట్సులో ఏముందో తెలియడం. తప్పు నోట్సులోనే ఉండిపోయింది, వాడు దాన్నే బట్టీ పట్టాడు, నా తెరమీద మాత్రం అంతా సరిగ్గా కనిపించింది. నాకు కోపం వచ్చింది ఇందుకే.

మళ్ళీ ఆ సారాంశం తెరిచి నిదానంగా చదివితే ఆనవాలు దొరికింది. అందులో 'ఆపరేషన్ పోలో' అన్న పేరుంది. ఆ సైనిక చర్యకు అది నిజమైన పేరే, కానీ పిల్లవాడి పేజీలో ఎక్కడా లేదు. అప్పటినుంచి నేను సారాంశంలో మొదట వెతికేది ఇదే: పేజీలో లేని పేరు గానీ, సంగతి గానీ ఒక్కటి కనిపించినా, మిగతా పాయింట్లు కూడా నోట్సు నుంచి వచ్చాయని నమ్మను.

అదే ఫొటోను కొత్త చాట్‌లో మళ్ళీ ఏమీ రాయకుండా పెట్టాను. ఈసారి టైపు చేసిన పేజీ వచ్చింది. 13 అలాగే ఉంది, సాధారణంగా చెప్పే తేదీ 17 అని అడుగున విడిగా రాసింది. నాకు కావలసింది అచ్చంగా ఇదే. ఆ తర్వాత, ముందు రోజు ప్రశ్నలు అడిగి ఉన్న పాత చాట్‌లో అదే ఫొటో పెడితే నేరుగా ప్రశ్నలు వచ్చాయి, జవాబుల్లో 17 ఉంది. ఫొటో ఒకటే, నేను చెప్పని మాట కూడా ఒకటే. మారింది పైన జరిగిన సంభాషణ. మనం ఏమీ చెప్పకపోతే అది పాత మాటల్ని బట్టి ఊహిస్తుంది, పేజీ రూపాన్ని బట్టి కూడా ఊహిస్తుంది. పూర్తి వాక్యాలతో నిండిన పేజీ అయితే ఎక్కువగా టైపు చేస్తుంది. హెడింగులు, చుక్కలు ఉంటే సారాంశం వైపు వెళుతుంది. అభ్యాసంలోని ప్రశ్నలు రాసుకున్న పేజీ అయితే వాటికి జవాబులు మొదలుపెడుతుంది. నాలుగైదు పేజీలు ఒకేసారి పెడితే అన్నీ కలిపి కుదించే అవకాశం ఎక్కువ. ఇవి నేను చూసిన ధోరణులే, ప్రతిసారీ ఇలాగే అవుతుందని కాదు. అదే పేజీకి ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకొకటి రావడం కూడా చూశాను.

టైపు చేయడం గురించి ముందు నేను చెప్పిన పొగడ్తకు కూడా ఒక హద్దు ఉంది. మహారాష్ట్ర ఏర్పడింది 1960 మే 1న. ఒక అమ్మాయి నోట్సులో 1961 అని ఉంటే, ఉన్నది ఉన్నట్టు టైపు చేశానన్న పేజీలోనే 1960 అని వచ్చింది, కింద ఏ గమనికా లేదు. ప్రపంచానికంతా తెలిసిన అంకెలు సరిగ్గా రావడం చూసి, అది చేతిరాత బాగా చదువుతోందని అనుకోకూడదు. అది చదివిందో, గుర్తు తెచ్చుకుందో మనకు తెలియదు. దాని చదువు ఎంత గట్టిదో తెలిసేది ఆ క్లాసుకు మాత్రమే తెలిసిన అంకెల దగ్గర. మార్జిన్‌లో సార్ రాయించిన హోంవర్క్ పేజీ నంబర్, ఒక్కో ప్రశ్నకు ఎన్ని మార్కులో, ఆ రోజు తేదీ లాంటివి. మరాఠీ ఒకటి చూడ్డానికి ఇంగ్లిష్ తొమ్మిదిలా ఉంటుంది. లిపులు కలిసిన పేజీల్లో పేజీ 41 అన్నది 49 అయిపోయింది. చరిత్ర తేదీ అయితే దానికి ముందే తెలిసిన సంగతి కాపాడుతుంది, పేజీ నంబర్‌ని కాపాడేది ఏమీ లేదు. అందుకే ఇప్పుడు టైపు చేసిన పేజీ రాగానే ముందు మార్జిన్ చూస్తాను. అక్కడ తప్పు ఉంటే లోపలి అంకెలన్నీ ఫొటోతో పోల్చి చూస్తాను.

ఇప్పుడు ఫొటో కింద 'ఉన్నది ఉన్నట్టు, తప్పులు దిద్దకుండా టైపు చెయ్యి, అనుమానం ఉన్నవి అడుగున విడిగా రాయి' అని పెడుతున్నాను. ఒకసారి రాసి దాచుకుంటే అతికిస్తే సరిపోతుంది. ప్రతి పిల్లవాడికీ కొత్త చాట్. పేజీకి ఒక ఫొటో. పల్చటి నోట్‌బుక్ అయితే ఆ కాగితం కింద ఇంకో తెల్ల కాగితం పెట్టమంటాను, వెనక పేజీ సిరా కనిపించి అక్షరాలు కలిసిపోకుండా. టైపు చేసిన పేజీని నోట్సుతో సరిచూసి, తప్పుంటే పిల్లవాడి చేతనే నోట్సులో దిద్దించాకే ప్రశ్నలు అడుగుతాను, ఆ దిద్దిన పేజీ మీదే. ప్రశ్నలు చేయడంలో మాత్రం దానికి వంక పెట్టను. తేదీలే కాకుండా, నిజాం భారతదేశంలో కలవడానికి ఎందుకు ఒప్పుకోలేదు, రజాకార్లు ఎవరు అని అడుగుతుంది. పిల్లలు పుస్తకం మూసి జవాబు చెప్పడానికి అవి బాగా పనికొస్తాయి. జవాబులు పేజీలో ఉన్నవాటి నుంచే ఇవ్వాలని చెప్పకపోతే మళ్ళీ బయటి సంగతులు వచ్చి చేరతాయి.

సారాంశం పనికిరాదని నేననను. తన నోట్సు తనే రాసుకుని, అందులో ఏముందో బాగా తెలిసిన కాలేజీ పిల్లలకు నేరుగా సారాంశం రావడమే సుఖం కావచ్చు. మొత్తం ఇంగ్లిష్‌లో, చక్కటి చేతిరాతతో రాసేవాళ్ళకు నేను చెప్పిన చిక్కుల్లో సగం ఎదురు కాకపోవచ్చు. నా పరిస్థితి వేరు. నేను చూసేది ఇంకొకరి నోట్సు. అందులోని తప్పే నాకు అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం. ఏమీ చెప్పకుండా ఫొటో పెట్టినప్పుడు ఈ యాప్ ప్రతిసారీ ముందు టైపు చేసి చూపిస్తే, మా ఊళ్ళో ట్యూషన్ చెప్పే ప్రతి ఒక్కరికీ కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. అలా చేయడం లేదు కాబట్టి, ఆ ఒక్క వాక్యం అతికించే ఓపిక ఉన్నవాళ్ళకే వాడమని చెబుతున్నాను.