పందెం చీటీ ఫొటో నుంచి లెక్కల షీట్‌కు: ఫోనా, టెస్సరాక్టా, క్లౌడా?

బ్రిటన్‌లో ఉంటూ శనివారాల్లో గుర్రపు పందేల దుకాణానికి వెళ్లే మిత్రులు నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: చీటీని ఫొటో తీసి, అందులోని గుర్రాల పేర్లు, గెలిస్తే ఎంత లాభమో చెప్పే ఆడ్స్, పెట్టిన సొమ్ము తమ సొంత లెక్కల షీట్‌లో వరుసలుగా పడేలా చేయడానికి ఏ పద్ధతి మేలు, ఫోన్‌లో ఉండే పాఠ్య గుర్తింపా, ఫొటోలోని అక్షరాలను సొంత కంప్యూటర్‌లో చదివే టెస్సరాక్ట్ ప్రోగ్రామా, లేక క్లౌడ్ సేవా? తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ బెట్టింగ్ నిషిద్ధం కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా బ్రిటన్ దుకాణాల్లోని యంత్రం థర్మల్ కాగితంపై ముద్రించి ఇచ్చే చీటీ గురించేనని మొదటే చెప్పాలి.

అడిగేవారి చూపంతా అక్షరాలను ఏది తప్పు లేకుండా చదువుతుందన్న దానిపైనే ఉంటుంది. నా అనుభవంలో తేడా తేల్చేది అది కాదు. ఏ ఆడ్స్ ఏ గుర్రానివో ఆ జంట చెడిపోకుండా ఏది ఉంచుతుందన్నదే అసలు విషయం. నేను చేసిన ఒక పొరపాటు చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది.

నా చీటీలో మూడు గుర్రాల మీద 2 పౌండ్ల ట్రెబుల్, అంటే మూడూ గెలిస్తేనే సొమ్ము వచ్చే ఒకే పందెం, ఉంది. పై నుంచి కిందికి వాటి ఆడ్స్ 11/4, 7/2, 2/1. ఒక్కొక్క దానికి అసలు సొమ్మును కూడా కలుపుకుంటే ఇవి 3.75, 4.5, 3 అవుతాయి; వీటి లబ్ధాన్ని 2తో గుణిస్తే 101.25 వస్తుంది. మూడూ గెలిస్తే చేతికొచ్చే మొత్తంగా చీటీ అడుగున ముద్రించినదీ సరిగ్గా అంతే. ఆడ్స్ చదవడంలో జరిగే తప్పును పట్టించే సాధనం ఈ అంకెలోనే ఉంది. 11/4ను 1/4గా చదివితే మొత్తం 33.75కు పడిపోయి, తప్పు వెంటనే బయటపడుతుంది. గీతను ఒకటిగా చూసి 1114 అని చదివితే అందులో గీతే ఉండదు కనుక ఆ వరుస షీట్‌లో దశాంశంగా మార్చే సూత్రంలోనే ఆగిపోతుంది. చదివే సాధనాలు ప్రతి పదానికీ ఇచ్చే నమ్మకపు మార్కుల కన్నా నేను ఈ లెక్కనే నమ్ముతాను, ఎందుకంటే తప్పుగా చదివిన 1/4కు కూడా మంచి మార్కులు రావచ్చు.

అయితే ఆ రోజు ఫొటో కొంచెం వంపుగా వచ్చింది. చీటీలో పేరు ఎడమ అంచున, ఆడ్స్ కుడి అంచున ఉంటాయి. ఫొటోలో వాటి మధ్య 800 పిక్సెళ్ల దూరం ఉందనుకుంటే, మూడు డిగ్రీల వంపుకే కుడివైపున్నది 42 పిక్సెళ్లు కిందికి జారుతుంది. వరుసకూ వరుసకూ మధ్య ఎడం 40 పిక్సెళ్లే అయితే అది సరిగ్గా తర్వాతి వరుసలోకి దిగుతుంది. నాకు జరిగిందదే. మొదటి గుర్రం పక్కన ఖాళీ, రెండో గుర్రం పక్కన 11/4, మూడో గుర్రం పక్కన 7/2, అన్నిటికీ కింద ఒంటరిగా 2/1 వచ్చాయి. నేను తొందరలో ఆ మిగిలిన 2/1ను ఖాళీలో నింపాను. మొత్తం సరిచూస్తే 101.25 వచ్చింది! గుణకారంలో వరుస మారినా లబ్ధం మారదు కదా. తనిఖీ నెగ్గింది, మూడు వరుసలూ తప్పే. ఏ స్థాయి ఆడ్స్ మీద నేను ఎక్కువగా ఓడుతున్నానో చూసుకోవడానికే షీట్ పెట్టుకున్న నాకు, అదే చెడిపోయాక ఇక షీట్ ఎందుకు?

ఈ కోణం నుంచి చూస్తే ఫోన్‌లోనే ఉండే పాఠ్య గుర్తింపు, అంటే గూగుల్ లెన్స్ అయినా, ఐఫోన్‌లోని లైవ్ టెక్స్ట్ అయినా, అక్షరాలను చక్కగానే చదువుతుంది. కానీ కాపీ చేసుకున్నప్పుడు మనకు దక్కేది పాఠ్యం మాత్రమే. ఏ పదం కాగితం మీద ఎక్కడుందో ఆ సమాచారం వెంట రాదు. పేర్లన్నీ ఒకచోట, ఆడ్స్ అన్నీ వాటి కింద ఇంకోచోట కుప్పగా రావడమూ ఉంది. నెలకు రెండు మూడు చీటీలకు మించనివారు కంటితో సరిచూసుకుంటూ దీన్నే వాడుకోవచ్చు.

క్లౌడ్ సేవల్లో గూగుల్ క్లౌడ్ విజన్ ప్రతి పదం నాలుగు మూలల స్థానాలనూ ఇస్తుంది. నెలకు మొదటి 1000 చిత్రాలు ఉచితం కనుక సొంత లెక్కలకు ఖర్చు సమస్య రాదు. మసక ఫొటోలను, చేతిరాతను చదవడంలో టెస్సరాక్ట్ కన్నా ఇది ముందుంటుంది. అయితే పదాలను వరుసలుగా కూర్చే పని మనమే రాసుకోవాలి, పైన చెప్పిన 42 పిక్సెళ్ల చిక్కు సరిగ్గా అక్కడే కాచుకుని ఉంటుంది. అమెజాన్ టెక్స్ట్రాక్ట్‌లో రసీదుల కోసం ఒక విభాగం ఉంది గాని, అది కొనుగోలు బిల్లులను ఉద్దేశించినది. పందెం చీటీకి అతకదు.

నేను చివరికి నిలిచింది టెస్సరాక్ట్ దగ్గర. ఇది సొంత కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఉచితం, కింది ఆదేశంతో పదాలతో పాటు వాటి స్థానాలనూ, వరుస సంఖ్యనూ పట్టికగా ఇస్తుంది.

```
tesseract slip.png slip --psm 6 tsv
```

ఇందులో `--psm 6` ముఖ్యం. అది లేకపోతే పేరుకూ ఆడ్స్‌కూ మధ్య ఉన్న పెద్ద ఖాళీని చూసి టెస్సరాక్ట్ వాటిని రెండు వేర్వేరు భాగాలుగా విడగొట్టే ప్రమాదం ఉంది. ఇది ఉంటే చిత్రమంతా ఒకే పాఠ్యమని భావించి, ఒకే గీతపై ఉన్న పదాలకు ఒకే `line_num` ఇస్తుంది. కొద్దిపాటి వంపును తానే సర్దుకుంటుంది, ఎక్కువైతే మాత్రం వరుసలు చెదురుతాయి కనుక ముందుగా ఫోన్‌లోని స్కాన్ సదుపాయంతో చీటీ అంచులు సరిచేసి, పెద్దక్షరాలు 30 పిక్సెళ్ల ఎత్తుండేలా చూసుకోవడం మంచిది. మసక ఫొటోల దగ్గర ఇది క్లౌడ్ కన్నా వెనకే, ఒప్పుకుంటాను. కానీ చదవలేకపోతే అది చెత్త అక్షరాలు ఇస్తుంది, ఆ చెత్త కంటికి కనబడుతుంది. జంట మారిన ఆడ్స్ కంటికి కనబడవు.

ఏ పద్ధతి ఎంచుకున్నా షీట్‌లోకి అతికించే ముందు ఆడ్స్ నిలువు వరుసను సాదా పాఠ్యంగా మార్చి తీరాలి. లేకపోతే గూగుల్ షీట్స్ 11/4ను తేదీ అనుకుని, బ్రిటన్ అమరికలో ఏప్రిల్ 11గా మార్చేస్తుంది. 100/30 తేదీ కాలేదు కనుక అది మాత్రం అలాగే ఉండిపోతుంది, దాన్ని చూసి అంతా సవ్యమేననుకుంటాం. పాఠ్యంగా ఉంచాక, ఆడ్స్ B2లో ఉంటే, దశాంశంగా మార్చడానికి ఈ సూత్రం చాలు.

```
=INDEX(SPLIT(B2,"/"),1,1)/INDEX(SPLIT(B2,"/"),1,2)+1
```

సరిసమానపు ఆడ్స్‌ను చీటీ అంకెల్లో కాకుండా మాటల్లో ముద్రిస్తే దాన్ని 1/1గా మార్చుకోవాలి. పందెం సొమ్మును గుర్రాల వరుసల్లో రాయకూడదు. రాస్తే పై ట్రెబుల్‌లోని 2 పౌండ్లు మూడుసార్లు లెక్కకొచ్చి 6 అవుతాయి. చీటీకి ఒక వరుస ఉండే పట్టిక వేరుగా, గుర్రానికి ఒక వరుస ఉండే పట్టిక వేరుగా పెట్టి, రెండింటినీ చీటీ సంఖ్యతో కలపాలి.

పందెం మొదలయ్యే సమయపు ఆడ్స్‌కే ఒప్పుకున్న చీటీలో రాబడి మొత్తం ముద్రించి ఉండదు కనుక మొత్తాన్ని సరిచూసే తనిఖీ అక్కడ పని చేయదు. గుర్రాల పేర్లలో తప్పులనూ ఇది పట్టదు. వాటిని ఆ రోజు పందేల జాబితాతో పోల్చుకోవాలి. కౌంటర్‌లో చేత్తో రాసిచ్చే చీటీలను మాత్రం నేను ఏ సాధనానికీ ఇవ్వను. నాలుగు గుర్రాలను చూసి టైప్ చేయడానికి పట్టే సమయం, గుర్తింపు చేసిన తప్పులను దిద్దడానికి పట్టే సమయం కన్నా తక్కువ.