పాలపొడా, బీఎస్‌ఏనా: బ్లాకింగ్‌కి ఏది మేలు?

జెల్‌లో విడదీసిన ప్రోటీన్లని మెంబ్రేన్ మీదకి ఎక్కించి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి వెస్టర్న్ బ్లాట్. శ్రీకాకుళంలో మా ల్యాబ్‌కి అది నేర్చుకోవడానికి వచ్చే పిల్లలందరూ అడిగే ప్రశ్న ఇది. నా మాట ముందే చెప్పేస్తాను: మామూలు ప్రోటీన్లకి పాలపొడి, ఫాస్ఫేట్ తగిలించుకున్న ఫాస్ఫో ప్రోటీన్లకి బీఎస్‌ఏ, అంటే ఆవు రక్తం నుంచి తీసే అల్బుమిన్. అయితే మెంబ్రేన్ నల్లబడిన ప్రతిసారీ తప్పు బ్లాకింగ్‌దే కాదు.

మెంబ్రేన్‌కి ఏ ప్రోటీన్ తగిలినా పట్టేసుకుంటుంది. ట్రాన్స్‌ఫర్‌లో జెల్ నుంచి వచ్చిన ప్రోటీన్లు కూర్చోగా మిగిలిన ఖాళీల్ని మనం నింపకపోతే, యాంటీబాడీ వెళ్లి అక్కడ అంటుకుంటుంది. అదీ ప్రోటీనే కదా. 50 మి.లీ. టీబీఎస్‌టీ బఫర్‌లో 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి గంటసేపు ఊపితే చాలావరకు పని అయిపోతుంది. చవక కూడా. కానీ పాలలోని కేసీన్ స్వయంగా ఫాస్ఫో ప్రోటీన్. కొన్ని ఫాస్ఫో యాంటీబాడీలు దానికీ అతుక్కుని మసక తెస్తాయి. బీఎస్‌ఏతో ఆ ఇబ్బంది లేదు, ఖరీదే ఎక్కువ.

ఈఆర్‌కే అనే ప్రోటీన్ ఫాస్ఫో రూపం కోసం మా జూనియర్ చేసిన బ్లాట్ మొత్తం నల్లగా వచ్చింది. "అక్కా, బీఎస్‌ఏ కొనాల్సిందేనా?" అంది దిగులుగా. కణాల్ని పగలగొట్టి తీసిన ఒకే లైసేట్‌ని నాలుగు లేన్లలో వేయించి, ట్రాన్స్‌ఫర్ అయ్యాక మెంబ్రేన్‌ని నాలుగు ముక్కలు చేయించాను. రెండు పాలలో, రెండు పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చిన బీఎస్‌ఏలో. ప్రతి జతలో ఒకదానికి మన ప్రోటీన్‌ని పట్టే ప్రైమరీ యాంటీబాడీ 1:1000లో పెట్టి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచాం, రెండోదానికి ప్రైమరీ లేకుండా, ప్రైమరీని పట్టి గీతగా చూపించే సెకండరీ ఒక్కటే.

సెకండరీ ఒక్కటే వేసిన ముక్కలు రెండూ నల్లగానే వచ్చాయి. అంటే దోషం పాలది కాదు, సెకండరీది. మా జూనియర్ దాన్ని 1:2000లో వాడుతోంది. 1:10000కి పలచన చేసి, పది నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగాక ఆ నలుపు పోయింది. అప్పుడే పాలకీ బీఎస్‌ఏకీ అసలు తేడా కనిపించింది: బీఎస్‌ఏ ముక్కలో 42, 44 కేడీఏ దగ్గర రెండు గీతలు విడివిడిగా, పాల ముక్కలో అవే గీతలు పాలిపోయి, చుట్టూ పొగలాగా. ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా పట్టే మొత్తం ఈఆర్‌కే యాంటీబాడీకి మాత్రం పాలే శుభ్రంగా ఇచ్చింది.

మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు వస్తే పాలపొడి ఉండలు కరగలేదేమో చూడండి. అంచున మరకలాంటి నలుపు ఉంటే అక్కడ మెంబ్రేన్ ఆరిపోయి ఉంటుంది. ప్రోటోకాల్‌లో రాసే గది ఉష్ణోగ్రత ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలు. మే నెలలో మన గది అది కాదు. పాలని రాత్రంతా బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి పుల్లటి వాసన వస్తుంది.

ప్రైమరీ మేకలో తయారైనదైతే రెండింటి మీదా నాకు అనుమానమే. మేక యాంటీబాడీని పట్టే సెకండరీ పాలలోని ఆవు యాంటీబాడీని కూడా పట్టగలదు, బీఎస్‌ఏలో అది కలిసి ఉంటే దాన్నీ వదలదు. అలాంటప్పుడు చేప జెలటిన్‌తో బ్లాక్ చేస్తాను.