రెండేళ్ల ఫీడ్ రీడర్: ‘భారీ’ అన్న మాటను తీసేశాక

ఉదయం ఆరున్నరకు కాఫీతో పాటు ఇరవై నిమిషాలు వార్తలు చదవడం నాకు అలవాటు. రెండేళ్ల క్రితం వరకు ఆ ఇరవై నిమిషాలయ్యేసరికి గుండె దడదడలాడేది. అందుకే వార్తల యాప్‌లన్నీ తీసేసి, ఫీడర్ అనే ఉచిత యాప్ పెట్టుకున్నాను. ఖాతా తెరవమని అడగదు. మనం ఇచ్చిన చిరునామాల నుంచి ఫీడ్లను, అంటే వార్తా సంస్థలు విడుదల చేసే శీర్షికల వరుసలను, మనం చెప్పిన వ్యవధిలో తెచ్చి పెడుతుంది. బీబీసీ తెలుగుది https://feeds.bbci.co.uk/telugu/rss.xml. ఇలాంటివి ఆరు పెట్టుకుని, నోటిఫికేషన్లు ఆపేసి, రోజుకు ఒక్కసారే తెమ్మన్నాను.

నన్ను కట్టిపడేసింది మాత్రం బ్లాక్ లిస్ట్. అందులో ఒక మాట రాస్తే, శీర్షికలో ఆ మాట ఉన్న వార్త కనబడదు. మొదటివారం ‘షాక్’ రాశాను. అయినా ‘షాకిచ్చిన’, ‘షాకింగ్’ వస్తూనే ఉన్నాయి. కాసేపు ఆలోచిస్తే కారణం తెలిసింది. ‘షాక్’లో చివరిది పొల్లు, ‘షాకి’లో ఆ పొల్లు చోట గుడి ఉంటుంది. ఫోనుకు అవి వేరువేరు అక్షరాల వరుసలు. పొల్లు తీసేసి ‘షాక’ అని మాత్రం రాస్తే మూడూ పోయాయి. అలాగే ‘తెలుసా’, ‘ట్విస్ట్’, ‘సంచలన’, ‘వణికి’ చేర్చాను. నెల తిరిగేసరికి ఉదయపు వరుసలో సగం తగ్గింది. కార్యాలయంలో అందరికీ ఇదే పెట్టుకోమని చెప్పాను.

ఆ ఉత్సాహంలోనే ‘భారీ’ కూడా రాశాను. భారీ కుంభకోణం, భారీ ఊరట, భారీ అంచనాలు, ప్రతిదానికీ ఆ మాటే తగిలిస్తారు కదా.

మా అన్నది ఉరవకొండ వైపు వ్యవసాయం. నిరుడు అక్టోబరులో రెండెకరాల వేరుశనగ పీకించి, చెట్లను పొలంలోనే బోర్లించి ఆరబెట్టాడు. మర్నాడు కుప్ప వేయించాలా, ఇంకో రెండు రోజులు ఎండనివ్వాలా అని సందేహం. నేను రోజూ వార్తలు చదువుతానని ఆ ఉదయం ఫోను చేశాడు.

“వాన సంగతి ఏమైనా రాశారేమో చూడమ్మా.”

చూశాను. రాజకీయాలు, ధరలు, ఒక ప్రమాదం. వాన ఊసే లేదు.

“ఏమీ లేదన్నా, ఎండనివ్వు” అన్నాను.

ఆ రాత్రి తొమ్మిదింటికి మొదలైన వాన తెల్లవారేదాకా కురిసింది. నాలుగు రోజులకు నేను వెళ్లేసరికి కాయ పొట్టు నల్లబడి ఉంది. పశువుల మేతకు ఉంచుకునే వేరుశనగ కట్టె ఎత్తితే అడుగున తెల్లటి బూజు. ఆ ఏడాది మేత కూడా కొనుక్కోవలసి వచ్చింది. అన్న నన్ను ఒక్క మాట అనలేదు.

తిరిగి వచ్చిన రాత్రి అనుమానం వచ్చి బ్లాక్ లిస్ట్ నుంచి ‘భారీ’ తీసేశాను. వెంటనే ఆ వారం వార్తల మధ్య మూడు శీర్షికలు పైకి తేలాయి. మూడూ రాయలసీమకు భారీ వర్షాల హెచ్చరికలే. ఒకటి అన్న ఫోను చేయడానికి పన్నెండు గంటల ముందుది.

వాతావరణ శాఖ దగ్గర ‘భారీ’ అలంకారం కాదు, కొలత. ఇరవైనాలుగు గంటల్లో కనీసం 64.5 మిల్లీమీటర్లు కురిస్తేనే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. శీర్షికలు రాసేవాళ్లు దాన్ని అరగదీశారు. నేనూ అరిగిపోయిన మాటగానే చూశాను. యాప్ నేను చెప్పిందే చేసింది. కానీ ఏదైనా దాచినప్పుడు ‘ఈ రోజు ఇన్ని దాచాను’ అన్న గుర్తు వరుసలో ఎక్కడా ఉండదు. పైగా ఆ జాబితా అన్ని ఫీడ్లకూ ఒకటే, జిల్లా వార్తల ఫీడ్ ఒక్కదాన్ని మినహాయించే వీలు లేదు.

ఇప్పుడు ఒంటరి విశేషణాలు రాయడం మానేశాను. ‘భారీ’కి బదులు ‘భారీ ఊరట’, ‘భారీ అంచనాలు’ అని జంటగా రాస్తాను. ‘షాక’ ఉంచాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, కరెంటు షాక్‌తో పోయిన రైతు వార్త కూడా అందులోనే మునిగిపోతుంది. నెలకోసారి మాటలన్నీ తీసేసి, ఏమేమి దాగాయో చూసి మళ్లీ రాస్తాను. పది నిమిషాల పని. వాన సంగతికి ఫీడ్‌ను నమ్మడం పూర్తిగా మానేసి, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ యాప్‌లో అన్న ఊరి ప్రాంతం పెట్టుకున్నాను. నా ఫోనులో మోగడానికి అనుమతి ఉన్నది ఆ ఒక్కదానికే.

ఉదయం మునుపటికంటే నెమ్మదిగానే ఉంది. అందుకే యాప్‌ను తీసేయలేదు. అయితే నాది పదిన్నరకు మొదలయ్యే బల్ల ఉద్యోగం, ఒక వార్త సాయంత్రం తెలిసినా నష్టం లేదు. పొలంలో పంట పరచి ఉన్నవాళ్లకు మాత్రం, కార్యాలయంలో చెప్పినట్టు, ఇదే పెట్టుకోమని ఇప్పుడు చెప్పను. మా అన్న ఫోనులో ‘సచేత్’ నేనే పెట్టి వచ్చాను, ఫీడర్ పెట్టలేదు.